ఖాలా కూతురి నోట్‌బుక్, ఒక పేజీ రెజ్యూమె

మన ఇళ్లలో బ్యూటీషియన్ పని తెలిసిన ఆడవాళ్లు తక్కువేం లేరు. విజయవాడ వించిపేటలోనో, భవానీపురంలోనో, బందరు మొహల్లాల్లోనో ముందు గదికి ఒక పర్దా కట్టి, ఒక అద్దం, ఒక కుర్చీ వేసుకుని పని చేసుకునేవాళ్లు మీకూ ఒకరిద్దరు తెలిసే ఉంటారు. త్రెడింగ్‌తో మొదలుపెడతారు. చాంద్ రాత్‌కి మెహందీ పెడతారు. నాలుగేళ్లు తిరిగేసరికి నికాకి దుల్హన్‌ని తయారు చేసేదాకా వస్తారు. ఇలాంటి మనిషి ఇంటి పని చాలించి సెలూన్‌లో నౌకరీకి వెళ్దామనుకుంటే ఆగిపోయే చోటు ఒకటుంది. "రెజ్యూమె పంపండి" అంటారు అవతలివాళ్లు. బోలెడంత తజుర్బా ఉన్న మనిషి దగ్గర దాన్ని చెప్పే కాగితం ఉండదు.

మా ఖాలా కూతురిదీ అదే హాల్. బందరులో పుట్టి పెరిగింది, నికా అయ్యి వించిపేట వచ్చింది, ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే పార్లర్. మరిదిగారు ఆటో నడుపుతారు. పోయిన ఏడాది ఆయనకి నడుం పట్టేసి, డాక్టరు సగం పూటకి మించి బండి ఎక్కొద్దన్నాడు. ఇంటి పార్లర్‌లో రంజాన్ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో డబ్బు బాగానే కనిపిస్తుంది. ముహర్రం వచ్చిందా, వానలు పట్టాయా, వారం వారం గల్లా ఖాళీ. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు మాత్రం పండగ చూసి రాదు కదా. అందుకని నెలనెలా జీతం వచ్చే పని కావాలనుకుంది.

జిరాక్స్ షాపులో ఒక కుర్రాడితో రెజ్యూమె చేయించి అయిదు సెలూన్లకి వాట్సాప్ చేసింది. ఒక్కరూ పలకలేదు. అప్పుడు నా దగ్గరికి తెచ్చింది. చూశాను. అది రెజ్యూమె కాదు, పెళ్లి సంబంధాలకి పంపే బయోడేటా. తండ్రి పేరు, భర్త పేరు, మతం, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు కూడా వేసేశాడు. తర్వాత ‘కష్టపడి పనిచేసే మనస్తత్వం’. దాని కింద సర్వీసుల జాబితా, నలభై మూడు. గోల్డ్ ఫేషియల్, డైమండ్ ఫేషియల్, కెరటిన్, బొటాక్స్, నెయిల్ ఆర్ట్, ఒకటేమిటి, ఏదో సెలూన్ రేటు కార్డు చూసి దించినట్టుంది. "వీటిలో నీకు వచ్చినవెన్ని?" అంటే నవ్వేసింది.

పటమటలో లేడీస్ సెలూన్ నడిపే ఒక మేడం నాకు చాలా ఏళ్లుగా పరిచయం. ఆ కాగితం ఆవిడకి చూపించాను. రెండో లైను కూడా చదవలేదు. "ఈ నలభై మూడింట్లో పోయిన నెల ఎన్ని చేసిందో చెప్పమనండి. నాకు కావాల్సింది అదే" అంది. ఆవిడ చెప్పిన ఇంకో మాట: కొత్తమ్మాయి సెలూన్‌లో చేరితే మొదటిరోజు ఇచ్చేది ఐబ్రో త్రెడింగ్, చేతుల వ్యాక్సింగ్, మామూలు ఫేషియల్. అవి చక్కగా, టైముకి చేస్తే చాలు. డైమండ్ ఫేషియల్ అని రాసినవాళ్లని కుర్చీ దగ్గర నిలబెడితే దారం పట్టుకునే తీరులోనే అసలు సంగతి బయటపడుతుందట.

మా చెల్లి దగ్గర ఒక ఖజానా ఉంది, అది ఖజానా అని తనకే తెలియదు. లాంగ్ నోట్‌బుక్. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏం చేయించుకున్నారు, ఎంతిచ్చారు, ఎంత బాకీ, అన్నీ రాసి పెట్టుకుంది. బాకీలు మర్చిపోకుండా రాసుకున్నది అది, వేరే ఉద్దేశం లేదు. కొన్ని పేర్లు ‘సలీం భాయ్ వాళ్ల బడీ బహూ’ లాంటివి, కొన్ని ‘పచ్చ గేటు ఆంటీ’. అయినా సరే, ఎవరు ఎవరో తనకి తెలుసు. పిల్లలు పడుకున్నాక మూడు రాత్రులు కూర్చుని, ఒక ఏడాది పేజీలన్నీ తిరగేసి, ఒక్కో మనిషికి ఒక్కో గీత పెడుతూ లెక్క తీశాం.

ఏడాదిలో వచ్చిన మనుషులు 186 మంది. ఒకే మనిషి పదిసార్లు వచ్చినా ఒక్కరే. వీళ్లలో రెండోసారి, ఆ పైన వచ్చినవాళ్లు 115 మంది. ఒక్కసారే వచ్చినవాళ్లు 71. ఇంతవరకు తేలికే. కానీ ఆ 71 మందిని పోయిన గాహకులుగా లెక్క కట్టడం ఇన్సాఫ్ కాదు. అందులో 24 మంది దుల్హన్లు. దుల్హన్ మేకప్‌కి మళ్లీ రమ్మని ఎవరినీ దువా చేయం కదా! వాళ్లని పక్కన పెడితే మిగిలింది 162 మంది, వాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు 115. అంటే పదిమందిలో ఏడుగురు.

రెండుసార్లు వస్తే రిపీట్ క్లయింటేనా అని పటమట మేడం అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కనుబొమలు మూడు నాలుగు వారాలకి మళ్లీ పెరుగుతాయి. జుట్టు రంగు వేసుకునేవాళ్లకి నెల, నెలన్నరకి తెల్ల కుదుళ్లు కనిపిస్తాయి. నిజంగా ఈ మనిషి చేతి మీద ఎతబార్ ఉన్నవాళ్లు ఏడాదికి నాలుగుసార్లయినా వస్తారు. ఆ లెక్క వేరే తీస్తే 62 మంది తేలారు. రెజ్యూమెలో మేం పెట్టింది ఆ అంకె. 115 కంటే చిన్నదే. కానీ ఎలా లెక్క పెట్టావని అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పొచ్చు. చాంద్ రాత్ మెహందీకి ఏటా ఒక్కసారి వచ్చేవాళ్లని ఇందులో కలపలేదు. మూడేళ్లుగా వస్తున్నా సరే. ఆ రాత్రి ఎక్కడ క్యూ తక్కువుంటే అక్కడికి వెళ్తారు జనం, దాన్ని భరోసా అనలేం.

దుల్హన్లకి కూడా లెక్క ఉంది, కాకపోతే వేరే రకం. వాళ్లు మళ్లీ రారు, వాళ్లని చూసినవాళ్లు వస్తారు. ఎవరు చెబితే వచ్చారో మా చెల్లి చాలాచోట్ల రాసుకుంది, ‘ఫలానా వాళ్ల వలీమాలో చూసి’ అని. 24 మందిలో 19 మంది అలా వచ్చినవాళ్లే. బందరు, పెడన, గుడివాడ దాకా వెళ్లి చేసినవి కూడా అందులో ఉన్నాయి. ఊరు దాటి పిలుస్తున్నారంటే ఎవరో ఒకరు గవాహీ ఇచ్చినట్టే.

ఈ హిసాబ్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఎవరూ అడగనిది. ఒక్కసారి వచ్చి మళ్లీ రానివాళ్లలో దుల్హన్లు పోను 47 మంది మిగిలారు. అందులో 18 మంది ఆఖరి రెండు నెలల్లోనే మొదటిసారి వచ్చారు, వాళ్ల సంగతి అప్పుడే చెప్పలేం. మిగిలిన 29 మంది ఏం చేయించుకుని వెళ్లారో చూద్దామన్నాను. 11 మంది జుట్టు పనికి వచ్చినవాళ్లు, రంగు గానీ స్ట్రెయిటెనింగ్ గానీ. తన దగ్గర ఏడాదికి జుట్టు పనికి వచ్చేవాళ్లే కొద్దిమంది, అందులో ఇంతమంది తిరిగి రాలేదు. ఫేషియల్‌కి వచ్చి పోయినవాళ్లు ఇద్దరే. చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జుట్టు పని నాకు ఎవరూ సరిగ్గా నేర్పలేదు ఆపా, వీడియోలు చూసి చేస్తున్నా" అంది.

ఆ ఒక్క మాటతో రెజ్యూమె రూపమే మారిపోయింది. నలభై మూడు సర్వీసులు పద్నాలుగు అయ్యాయి, అవీ రెండు భాగాలుగా. మొదటి భాగం, తను ఒంటరిగా చేయగలిగినవి. ప్రతిదాని పక్కన ఎంతసేపు పడుతుంది, నెలకి దాదాపు ఎన్ని చేస్తుంది. ఐబ్రో త్రెడింగ్ ఎనిమిది నిమిషాలు, నెలకి 60. రెండు చేతుల వ్యాక్సింగ్ అరగంట, నెలకి 15. ఫేషియల్ గంట, నెలకి 12. దుల్హన్ మేకప్ రెండున్నర గంటలు, చీర లేదా ఖడా దుపట్టా కట్టడంతో కలిపి. రెండో భాగం పేరు ‘సీనియర్ స్టైలిస్ట్‌కి సహాయంగా’. అందులో కుదుళ్లకి రంగు, హెయిర్ స్పా, స్మూతెనింగ్. వాళ్ల ఆయనకి ఇది నచ్చలేదు. రాదని మనమే రాసి ఇస్తామా అన్నారు. కానీ సెలూన్‌లో జుట్టు పని ఖరీదైనది, పాడైతే యజమాని మీదికి వస్తుంది. వచ్చీ రాని చెయ్యి వచ్చని రాస్తే మొదటి వారంలోనే నౌకరీ పోతుంది. సహాయంగా చేస్తానంటే నేర్చుకునే దారి తెరిచి ఉంటుంది.

ఇక సనదులు. మా చెల్లి ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఆరు కాగితాలు ఉన్నాయి, అన్నిటికీ బంగారు అంచు, పెద్ద పెద్ద సంతకాలు. ఆరూ ఒకటి కాదు. నాలుగు క్రీముల కంపెనీలు హోటల్లో పెట్టిన ఒక్కరోజు సెమినార్లవి. వెళ్లి కూర్చుంటే ఇస్తారు, పరీక్ష ఉండదు. ఒకటి ఊళ్లో మూడు నెలల ప్రైవేటు కోర్సుది. ఆరోది 2019లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద వచ్చింది. ఫోల్డర్‌లో అట్టడుగున ఉంది, దానికి బంగారు అంచు లేదు మరి! కానీ సెలూన్ యజమాని ముందు చూసేది దాన్నే. ఎందుకంటే నేర్పినవాళ్లు కాకుండా బయటి నుంచి వచ్చిన అసెసర్ పని చేయించి చూసి మార్కులు వేస్తారు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ పేరు ఉంటుంది. పనికి ఒక కోడ్, ఒక లెవెల్ ఉంటాయి. తనది అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, కోడ్ BWS/Q0101, లెవెల్ 3. దాని పై మెట్టు బ్యూటీ థెరపిస్ట్, BWS/Q0102, లెవెల్ 4.

జిరాక్స్ షాపు కాగితంలో దీన్ని ‘సర్టిఫైడ్ కాస్మెటాలజిస్ట్’ అని రాశారు. అది ఝూఠ్ అని మా చెల్లికి తెలియదు, రాసినవాడికీ తెలియదు. కాస్మెటాలజీ ఐటీఐలో ఏడాది చదివే వేరే ట్రేడు. కాగితం మీద అసిస్టెంట్ అని ఉంటే రెజ్యూమెలోనూ అసిస్టెంటే. పూర్తి పేరు, కోడ్, లెవెల్, నెల, సంవత్సరం, సర్టిఫికెట్ నంబరు, ఇవన్నీ ఒకే లైనులో పట్టాయి. మూడు నెలల కోర్సు రెండో లైను. నాలుగు సెమినార్లు కలిపి ఒక్క లైను, ‘హాజరైనవి’ అనే మాటతో. నేర్చుకున్నవి అని రాయలేదు.

ఇక్కడ చదివేవాళ్లలో ఏ కాగితమూ లేకుండా ఏళ్లుగా పని చేస్తున్న ఆపాలు, ఖాలాలు ఉంటే ఒక సంగతి. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అని ఒక పద్ధతి ఉంది, పొట్టిగా ఆర్పీఎల్ అంటారు. పని ముందే వచ్చినవాళ్లని మళ్లీ నెలల తరబడి క్లాసులో కూర్చోబెట్టకుండా, కొద్ది గంటల పాటు పద్ధతులు వివరించి, నేరుగా పరీక్ష పెట్టి సనద్ ఇస్తారు. అడిగేటప్పుడు ‘కోర్సు ఉందా’ అని అడిగితే మూడు నెలల కోర్సులో చేర్చుకుంటారు. ‘ఆర్పీఎల్ బ్యాచ్ ఉందా’ అనే అడగాలి.

ప్రొడక్టుల జ్ఞానం అనే చోట అందరూ రాసేది కంపెనీల పేర్లు. పది పేర్లు కామాలు పెట్టి రాస్తారు. పటమట మేడం అవి చదవదట. "డబ్బా ఎవరైనా తెరుస్తారు. ఎప్పుడు తెరవకూడదో తెలుసా అని చూస్తాను" అంది. అందుకని మేం కంపెనీ పేర్లు రాయలేదు. తను రోజూ పాటించే మూడు జాగ్రత్తలు రాశాం.

మొదటిది మన ఇళ్లలో అందరూ తెలుసుకోవాల్సింది. అసలు మెహందీ ఆకు రంగు నలుపు కాదు. ముద్ద కడిగిన వెంటనే చేతి మీద నారింజ రంగు ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఎరుపు గోధుమగా మారుతుంది. గంటలోనే నల్లగా పండే కాలీ మెహందీలో సాధారణంగా పీపీడీ అనే జుట్టు రంగు మందు కలిపి ఉంటుంది. కొందరికి దానివల్ల దురద, వాపు, డిజైన్ గీత వెంబడే బొబ్బలు వస్తాయి. అంతటితో పోదు. ఒకసారి ఒంటికి పడని మనిషి ఏళ్ల తర్వాత తలకి రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు, ఎందుకంటే చాలా రంగుల్లో ఉండేదీ అదే. మా చెల్లి చాంద్ రాత్‌కి ఎంత మంది నల్లది కావాలన్నా పెట్టదు. జుట్టుకి రంగు వేసే ముందు చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూస్తుంది, అంతకుముందు ఎప్పుడైనా కాలీ మెహందీ పెట్టుకుంటే దురద పెట్టిందా అని అడుగుతుంది. రెజ్యూమెలో ఇది రెండు లైన్లే అయింది.

రెండోది తలకి మెహందీ పెట్టుకునేవాళ్ల సంగతి. మన ఆడవాళ్లలో వీళ్లు ఎక్కువ. ఉత్త ఆకు పొడి అయితే ఫికర్ లేదు. కానీ కొన్ని రంగు పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. అలాంటి జుట్టు మీద బ్లీచ్ గానీ, డెవలపర్ కలిపిన రంగు గానీ వేస్తే వేడెక్కి, పొగలు కక్కి, జుట్టు పట్టుకుంటే ఊడొచ్చేలా అవుతుంది. ముందే తెలుసుకునే ఉపాయం ఉంది. లోపలి పొరలోంచి చిన్న పాయ కత్తిరించి, గాజు గిన్నెలో 20 వాల్యూమ్ డెవలపర్, అంటే ఆరు శాతం పెరాక్సైడ్, దాంట్లో కొన్ని చుక్కల అమ్మోనియా వేసి, ఆ పాయని అరగంట ముంచాలి. గిన్నె వేడెక్కినా, బుడగలు వచ్చినా, చెడు వాసన వచ్చినా ఆ తల ముట్టుకోకూడదు. ఇది మా చెల్లికి నేర్పింది పటమట మేడమే, ఆ కాగితం చూసిన రోజున. తర్వాత వారంలో తను నిజంగా చేసి చూశాకే రెజ్యూమెలో ఎక్కించాం.

మూడోది ఒక ప్రశ్న. ముఖానికి వ్యాక్స్ పెట్టే ముందు తను అడిగే మాట, "రాత్రిపూట ముఖానికి ఏం రాసుకుంటున్నారు?" మొటిమలకి డాక్టరు రాసే ట్రెటినాయిన్ లాంటి క్రీములు వాడుతున్న చోట వ్యాక్స్ లాగితే జుట్టుతో పాటు పైచర్మం కూడా లేచొస్తుంది. తెల్లబడాలని మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు ఇంకా దారుణం, నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ‘క్రీములేమైనా వాడుతున్నారా’ అంటే అందరూ లేదంటారు. అది మందని వాళ్లు అనుకోరు. రాత్రి ఏం రాస్తున్నారంటే మాత్రం ట్యూబు పేరు చెప్పేస్తారు. ఈ ప్రశ్నని ఉన్నదున్నట్టు రెజ్యూమెలో పెట్టాం.

ఫోటోల దగ్గర చాలాసేపు ఆగిపోయాం. మేకప్ చేసేవాళ్లని ముందు అడిగేది పని చూపించే ఫోటోలే. తన ఫోన్‌లో దుల్హన్ల ఫోటోలు ఉన్నాయి, చాలా అందంగా ఉన్నాయి. కానీ అవి జనానాలో తీసినవి, ఆ పిల్లలు పర్దా పాటించేవాళ్లు. సెలూన్‌కి పంపితే అది ఏ గ్రూపులో తిరుగుతుందో, ఎవరి గోడ మీద పోస్టరవుతుందో చెప్పలేం. అది అమానత్. మా చెల్లి ఒక్కదాన్ని కూడా తీసుకోనివ్వలేదు, నేను అడగనూ లేదు. బదులుగా ఏం పెట్టామంటే, మెహందీ పెట్టిన రెండో రోజు తీసిన చేతులు, మణికట్టు దాకానే. వెనక నుంచి తీసిన జడలు, జూడాలు. తన చెల్లెలి ముఖానికి సగం మేకప్ వేసి, సగం వదిలేసి, కిటికీ వెలుతురులో ఫిల్టర్ లేకుండా తీసిన ఒక ఫోటో, ఆ పిల్ల సరేనన్నాక. మొత్తం ఆరు ఫోటోలు. కింద ఒక లైను రాశాం: ‘క్లయింట్ల ముఖాలు వాళ్ల అనుమతి లేనందున చూపడం లేదు. మేకప్ ట్రయల్‌కి సిద్ధం.’

తన సొంత ఫోటో పెట్టలేదు. తండ్రి పేరు, మతం, ఆధార్ అన్నీ తీసేశాం. నౌకరీలో చేరేటప్పుడు అడిగితే అప్పుడు చూపించవచ్చు. వాట్సాప్‌లో తిరిగే కాగితం మీద ఆధార్ నంబరు ఉండకూడదు. ఒక మాట మాత్రం పేరు కిందే, అందరికీ కనపడేలా పెట్టాం: ‘మహిళా క్లయింట్లకు మాత్రమే’. విజయవాడలో ఇప్పుడు యూనిసెక్స్ సెలూన్లు చాలా వచ్చాయి. ఇంటర్వ్యూ అయ్యాక, జీతం మాట్లాడాక ఈ సంగతి చెబితే అటూ ఇటూ టైము దండగ, మనసులో నొప్పి. ముందే రాస్తే కుదరనివాళ్లు పిలవరు, అంతే.

ఇంగ్లీషులో ఒకే పేజీగా టైపు చేసి పీడీఎఫ్ చేశాం. కాగితానికి ఫోటో తీసి పంపితే ఫోన్‌లో అక్షరాలు కనపడవు. పై భాగం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

‘బ్యూటీషియన్, 8 ఏళ్ల అనుభవం, వించిపేటలో సొంత హోమ్ పార్లర్. మహిళా క్లయింట్లకు మాత్రమే. గత 12 నెలల్లో క్లయింట్లు 186. నాలుగుసార్లు, ఆ పైన వచ్చినవారు 62. దుల్హన్ మేకప్‌లు 24, వాటిలో 19 పాత క్లయింట్లు చెప్పగా వచ్చినవి. వివరాలు నోట్‌బుక్ నుంచి లెక్కించినవి.’

ఆఖర్న, ఫోన్ చేసి అడగవచ్చని తామే ఒప్పుకున్న ఇద్దరు క్లయింట్లు ఉన్నారని రాశాం. నంబర్లు రాయలేదు, అడిగినప్పుడు ఇస్తామన్నాం.

ఈసారి నాలుగు చోట్లకి పంపితే ఇద్దరు పిలిచారు. ఒకచోట ఓనరు కుర్చీలో కూర్చోగానే అడిగిందట, "ఆ అరవై రెండు మందినీ మా సెలూన్‌కి తీసుకొస్తావా? లిస్టు ఇవ్వు, మేం మెసేజ్ పెడతాం" అని. రిపీట్ క్లయింట్ల అంకె రాస్తే వచ్చే చిక్కు ఇది. అది చూసి మనిషిని కాక ఫోన్ నంబర్లని కొనాలనుకునేవాళ్లూ ఉంటారు. మా చెల్లి, "వాళ్లు మా ఇంటికొచ్చారు మేడం, నంబర్లు నాకిచ్చారు. నేనెక్కడున్నానో వాళ్లకి చెబుతాను, రావాలనుకుంటే వస్తారు" అంది. ఆ నౌకరీ రాలేదు.

రెండోది లబ్బీపేటలో. ఆవిడ రెజ్యూమె ప్రింట్ తీసి చేతిలో పట్టుకుంది. అడిగింది రెండే ప్రశ్నలు. జుట్టు పని కింద సహాయంగా అని ఎందుకు రాశావు, రాత్రి ఏం రాస్తున్నారని ఎందుకు అడుగుతావు. తర్వాత రెండు రోజులు ట్రయల్. మొదటిరోజు తన కనుబొమలే చేయించుకుంది ఓనరు, గోడ గడియారం చూస్తూ. ఏడు నిమిషాలు పట్టిందట. రెండోరోజు ఫేషియల్, మధ్యాహ్నం రంగు కలిపే చోట సీనియర్ పక్కన నిలబెట్టింది.

ఉదయం పది నుంచి సాయంత్రం ఏడు దాకా డ్యూటీ, మంగళవారం సెలవు, జీతం మీద సర్వీసుల్లో కొంత వాటా. ఇంట్లో పార్లర్ మూసేయాలన్నది వాళ్ల షరతు. చెల్లి ఒప్పుకుంది, రెండు మినహాయింపులు అడిగి. చాంద్ రాత్‌కి మొహల్లాలో మెహందీ, అంతకుముందే మాటిచ్చిన మూడు నికాలు. ఓనరు సరేనంటే, నోటి మాటగా వదిలేయకుండా, చేరే కాగితం కిందనే బందరు, గుడివాడ, పెడన తేదీలు మూడూ రాయించుకుని ఆవిడ సంతకం పెట్టాకే తను సంతకం పెట్టింది.